ఎనిమిదో భాగం ఎవరి చెవిలో ఉంది?

దుకాణం ముందు ఎవరైనా ఆగి ధర అడిగితే దశరథం ముందు వాళ్ల కాళ్లు చూస్తాడు. పాదాలు లోపలికి తిరిగి ఉంటే బేరం కుదిరినట్టే. రోడ్డు వైపు తిరిగి ఉంటే ఇంకో గిన్నె తీయాలి, దాని మూత మాత్రం తీయకూడదు. "గిది జర ఆగి సూపిస్త" అనాలి. ఆ ఒక్క మాటకు లోపలికి తిరిగిన పాదాలను ఆయన చాలా చూశాడు. మంచిర్యాల మార్కెట్లో ఇత్తడి, కంచు, స్టీలు సామాను అమ్ముకునే ఆయన, యూట్యూబులో సీరియల్ కథ పెట్టించాలని దిగినప్పుడు కూడా ఈ లెక్కనే పట్టుకుని దిగాడు.

కథ పేరు "గోదారి రేవు". మొత్తం ఎనిమిది భాగాలని పోస్టరులోనే వేయించాడు. ప్రతి గురువారం సాయంత్రం ఒకటి వస్తుంది. గల్ఫులో ఉన్న మనవాళ్లలో చాలామందికి శుక్రవారం సెలవు, తీరిగ్గా చూస్తారని ఆ రోజు ఎంచాడు. కథ నిజాం రాజ్యం పోయిన కొత్తలోది. ఒక చలికాలం పొద్దున కరీంనగర్ వైపు ఒడ్డున యాదవ్వ అనే కోడలు ఇత్తడి బిందెతో పడవెక్కింది. నది మీద మంచు. పడవ అవతలి ఒడ్డుకు చేరింది. బిందె దిగింది. యాదవ్వ దిగలేదు.

రాసేది దశరథమే. చెప్పేది లస్మవ్వ. నస్పూర్‌లో బీడీలు చుట్టే మనిషి, అరవై దాటింది. ఆమె అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇతర అరుగుల మీదకు పోరు, ఎందుకంటే లస్మవ్వ కథ చెబుతూ చుడుతుంది, ఆకు అయిపోగానే కథ ఆపేస్తుంది. మరునాడు మళ్లీ అక్కడికే రావాలి. దశరథం భార్య సత్తమ్మ ఆ సంగతి చెప్పినప్పుడే ఆయనకు సిరీస్ ఆలోచన పుట్టింది. కెమెరా, ఎడిటింగు అంజన్నవి. పెళ్లిళ్ల వీడియోలు తీసి తీసి విసిగినవాడు.

ప్రతి భాగం ఒకే వరసలో నడవాలని ముగ్గురూ మొదట్లోనే అనుకున్నారు. లస్మవ్వ ఒడిలో చాట పెట్టుకుని "అక్కల్లారా, ఆకు తడిపిండ్రా?" అంటుంది. పోయిన వారం ఏం జరిగిందో రెండు మాటల్లో చెబుతుంది. నడుమ "అటక మీది సామాను" అని ఒక ముక్క వస్తుంది. దశరథం తన దుకాణం అటక మీద నుంచి ఒక పాత వస్తువు దించి, అది ఏ ఇంట్లో ఎందుకు వాడేవారో చెబుతాడు. ఆ వస్తువు ఆ వారం కథలో ఎక్కడో కనిపిస్తుంది. చివర లస్మవ్వ బీడీల కట్టకు దారం చుట్టి, ముడి వేయబోయి ఆగుతుంది. కథ కూడా అక్కడే ఆగుతుంది. బొమ్మ చీకటవుతుంది. చూసేవాడికి ఇల్లు చేరినట్టు ఉండాలంటే గడప మారకూడదని దశరథం లెక్క.

రికార్డింగు దుకాణం మీది గదిలో. అక్కడ సమస్య సామానే. లస్మవ్వ గొంతు కొంచెం పైకి లేస్తే చాలు, చుట్టూ ఉన్న కంచు పళ్లాలు సన్నగా జుయ్యిమనేవి. పళ్లాల మధ్య పాత చీరలు కుక్కి, గోడలకు బొంతలు వేలాడదీసి, మైకు ఆమె నోటికి జానెడు దూరంలో ఒకే చోట టేపుతో అతికించారు. పొద్దున్నే, మార్కెట్ తెరవకముందే, ఆమె టీ తాగాకే చెప్పించేవారు. మధ్యాహ్నం చెప్పిస్తే గొంతు బరువెక్కి వేరే మనిషిలా వినిపిస్తుందని అంజన్న మొదటి వారమే కనిపెట్టాడు.

నాలుగో భాగం వెళ్లిన మరునాడు, శుక్రవారం పొద్దున, లస్మవ్వ దుకాణం మెట్లెక్కింది. మెడకు తువ్వాల చుట్టుకుని ఉంది.

"సేటూ, కరీంనగర్ డాక్టరు ఫోన్ చేసిండు. మంగళారమే రమ్మంటుండు."

దశరథం చేతిలోని టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టాడు. ఆమె గొంతులో గడ్డ ఉంది, థైరాయిడ్ అన్నారు, కోసి తీయాలన్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"మంగళారమా? వచ్చే నెల అన్నడు గదా అక్కా!"

"ఎవరికో జ్వరమొచ్చి రానన్నరట. గా జాగల నన్నేసిండ్రు."

"మరి గొంతెట్ల?"

"మారితే మారొచ్చు అన్నడు. మారకుంటే మారకపోవచ్చు అన్నడు. గీ ముక్క చెప్పేటందుకు ఆయన గన్నేండ్లు ఎందుకు సదివిండో."

అంజన్న మెట్ల మీద కూర్చుని హెడ్‌ఫోను తుడుస్తున్నాడు. నవ్వబోయి ఆగాడు. నాలుగు భాగాలు లోకంలోకి పోయాయి. నాలుగు మిగిలాయి. సగం చెప్పిన గొంతు సగంలో మారిపోతే చూసేవాడు ముందు కథను కాదు, గొంతును వెతుక్కుంటాడు.

"అన్నా, ఫోన్ల ఒక యాప్ ఉంది," అన్నాడు మెల్లగా. "అక్క చెప్పిన నాలుగు భాగాలు దాంట్ల వేస్తే, మిగతయి అక్క గొంతుతోనే అదే సదువుతది."

"నేను లేకుంట నా నోరా?" అంది లస్మవ్వ. "అది నాకు మల్లె తిడతదా మరి?"

దశరథం ఒక్క క్షణం ఆశపడ్డాడు, దాచుకోలేదు కూడా. తర్వాత బల్ల మీది చెంబును గోటితో కొట్టి విన్నాడు. పూత పూసిన చెంబును కంచు అని ఇవ్వలేదని ఆయనకు ఊరిలో పేరు. "వద్దు. కొట్టి చూసేటోడు ఒక్కడన్న ఉంటడు," అన్నాడు.

"మరైతే రేపు, ఎల్లుండి, సోమారం. మూడు పొద్దుగాలలు కూసొని నాలుగూ చెప్పేస్త," అంది లస్మవ్వ. "మంగళారం నా గొంతు ఏమన్న గాని. ముందు నాకు ముడి ఇయ్యి."

"ముడి ఏంది?"

"నీకు తెల్వదా? అరుగు మీద కథ చెప్పేటామె ఊరికి పోవాల్నంటే, కథ చివర ఒకామె చెవిల చెప్పి పోతది. కథ అనాథ కావొద్దని. మా బిడ్డ పురుటికి ఆసిఫాబాద్ పోయినప్పుడు నేను పోశవ్వ చెవిల చెప్పి పోయిన. ఎంతమంది బతిమాలినా పొక్కనియ్యలే. నేను తిరిగొచ్చి చెప్పిన." ఆమె తువ్వాల సర్దుకుంది. "గిప్పుడు ఉల్టా. పోయేది నేనే, చివర నీ దగ్గరున్నది. వారం వారం కాయితం ఇచ్చినవు, నేను చెప్పిన. యాదవ్వ ఏమైంది? చెవిల చెప్పు."

ఆమె బల్ల మీదకు వంగి చెవి పెట్టింది. దశరథం కూడా వంగాడు. వంగి, నోరు తెరిచి, ఆమె చెవి కమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు.

చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

మొదటి వారం బిందె దిగి మనిషి దిగలేదు. రెండో వారం పడవ నడిపే బాలమల్లు, అసలు యాదవ్వ తన పడవే ఎక్కలేదని ఒట్టేశాడు. మూడో వారం అవతలి ఒడ్డున మంచులో పట్టగొలుసుల చప్పుడు వినిపించింది. నాలుగో వారం యాదవ్వ ఎర్రంచు చీర మంచిర్యాల స్టేషను కంచె మీద ఆరేసి కనిపించింది. ప్రతి వారం ఆయన కింద కామెంట్లు చదివి, జనం దేనికి ఎగబడుతున్నారో చూసి, ఆ రకం సరుకే మరుసటి వారానికి తెప్పించాడు. దుకాణంలో అదే చేస్తాడు. దసరాకు ఏది కదిలితే దీపావళికి అదే నింపుతాడు. కానీ దుకాణానికైతే సరుకు గోడౌనులో ఉంటుంది. ఇక్కడ మూత కింద గిన్నే లేదు.

"అన్నా, గీ టిఫిన్ ఎంత?" అని రోడ్డు మీద నుంచి ఒకాయన అడిగాడు. దశరథం ఇంత ఆనందంగా ఏ గిరాకీ వైపూ ఎన్నడూ తిరగలేదు. అవసరం లేకపోయినా మూడు డబ్బాలు విప్పి చూపించాడు. ఆయన వెళ్లిపోయాక వెనక్కి తిరిగితే లస్మవ్వ ఇంకా అక్కడే, చెవి అలాగే.

"లేదా?" అంది.

"ఉన్నది... జర ఆలోచన..."

"ఓరి నీ బాంచెను!" ఆమె నిటారుగా నిలబడింది. "నెల దినాల సంది గాలికి ముడేయిస్తున్నవా నాతోని? మా అరుగు మీదోళ్లు రోజూ అడుగుతుండ్రు, నేను పెద్ద మనిషి లెక్క నవ్వుకుంట కూసుంటున్న, నాకేదో తెలిసినట్టు!"

"అక్కా, జనం చూస్తుండ్రు గదా..."

"చూస్తరు. ఎందుకు చూడరు? చెప్పేటామెకు తెలుసనుకొని చూస్తరు. నాకు తెల్వకుంట నేనెక్కడ ఆగాల్నో, ఎక్కడ గుండె బిగబట్టాల్నో నాకెట్ల తెలుస్తది? రేపు పొద్దుగాల వస్త. చివర ఉంటే చెప్త. లేకుంటే ఎనిమిది భాగాలు నువ్వే చీర కట్టుకొని చెప్పు."

మెట్లు దిగిపోయింది. సత్తమ్మ లోపలి నుంచి తొంగి చూసి, "చీర నాదైతే ఇయ్య," అని మళ్లీ లోపలికి పోయింది.

ఆ రోజంతా దశరథం నిలవలేదు. గల్లా దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు, పైగదికి పోతాడు, దిగుతాడు. కుక్కర్ల అట్టపెట్టెలు చింపి అంజన్న గోడకు మేకులతో కొట్టాడు. ఒక్కో అట్ట ఒక్కో భాగం. మొదటి నాలుగింటి మీద ఏం చెప్పారో, ఏ వస్తువు చూపించారో, ఎక్కడ ఆపారో రాశాడు. మిగతా నాలుగు అట్టలు బోసిగా వేలాడాయి.

"అన్నా, ఇది చూడు," అన్నాడు అంజన్న. "నాలుగుసార్లూ ఒక్క తీరుగనే ఆపినం. కండ్లకు ఏదో కనవడ్డది, అయిపాయె. బిందె, పడవోడి ఒట్టు, చప్పుడు, చీర. అయిదోసారి గట్లనే ఆపితే జనం ఆవులిస్తరు. ఒకసారి ఎవరన్న ఏదో నిర్ణయం తీసుకోబోతుంటే ఆపాలె. ఒకసారి ఒక దాని జవాబు చెప్పి, గా జవాబు లోపల నుంచే పెద్దది లేపాలె."

"ఒకటి తీరకుంట ఇంకొకటి ఎత్తుకుంటనే వచ్చినం," అన్నాడు దశరథం. అట్టల వైపు చూస్తుంటే ఆయనకు తన వ్యాపారం తనకే కొత్తగా కనిపించింది. నలుగురి దగ్గర బయానా తీసుకుని ఒక్కరికీ సరుకు దించని వాడిలా ఉన్నాడు తను. "చివర దొరకాలె ముందు. ఎనిమిదోది తెలిస్తే ఏడోది తెలుస్తది. ఎనక నుంచి రావాలె."

సాయంత్రానికి ఒక చివర తయారుచేసి ఎనిమిదో అట్ట మీద రాశాడు. బాలమల్లు నగల కోసం యాదవ్వను నీళ్లలో తోశాడు. అందుకే ఒట్టేశాడు. బాగుందనిపించింది. ఓపిక పట్టలేక లస్మవ్వకు ఫోన్ చేశాడు.

"ఫోన్ల చెప్తున్న, చెవే అనుకో."

విన్నాక ఆమె అడిగింది: "మునిగిన మనిషి అవతలి ఒడ్డున పట్టగొలుసులు ఎట్ల మోగించింది?"

"గది... దయ్యం..."

"చీర ఎవరు ఆరేసిండ్రు? దయ్యానికి చలి పెట్టిందా?"

ఫోన్ పెట్టేసింది. దశరథం ఆ అట్టను పీకి నలిపాడు. చివర దొరకడమే కాదు, ముందు చూపించిన నాలుగింటిలో ఒక్కటి కూడా చూసేవాడిని మోసం చేసినట్టు కాకూడదు. ఎక్కిన మెట్టు కిందికి దిగేటప్పుడు కూడా అక్కడే ఉండాలి.

చేతికి పని లేకపోతే ఆయనకు పిచ్చెక్కుతుంది. అయిదో భాగంలో చూపించడానికి వస్తువైనా వెతుకుదామని అటక ఎక్కాడు. పాత గంగాళాలు, దీపపు కుందెలు. వాటి పక్కన, మొదటి భాగంలో యాదవ్వ బిందె అని చూపించిన పాత ఇత్తడి బిందె. కామెంట్లలో ఎవరో కువైట్ నుంచి అడిగింది గుర్తొచ్చింది: "సేటూ, బిందె మెడ కాడ పేరు చెరిపేసి ఉంది, ఎందుకు?" జవాబు ఇవ్వలేదు. నిజానికి షూటింగు రోజు ఆ మరకను కెమెరాకు కనిపించకుండా తిప్పి పట్టుకున్నాడు, మరి ఎప్పుడో తిరిగిపోయినట్టుంది.

బిందెను కిటికీ దగ్గరికి తెచ్చాడు. సామాను కొన్నప్పుడు మెడ దగ్గర చుక్కలతో పేరు కొట్టించుకోవడం ఇక్కడి అలవాటు. ఇంటి పేరు, ఇంటాయన పేరు. ఎన్ని కొట్టాడో ఆయన చేతులకు తెలుసు. చెరిపిన పేర్లు కూడా చూశాడు. దొంగ చెరిపితే ఆకురాయితో ఒక్క ఊపులో గీస్తాడు, ఇత్తడి గాటు పడుతుంది. అమ్మేవాళ్లు చెరపనే చెరపరు, పేరుతోనే తూకానికి వేస్తారు. ఈ బిందె మీద గాటు లేదు. ఇసుకతో, రోజూ తోముతూ తోముతూ, ఆ ఒక్క చోటే ఎక్కువసేపు రుద్ది రుద్ది అరగదీసినట్టు ఉంది. బిందెను ఉంచుకుని పేరును వద్దనుకున్న చెయ్యి.

దశరథం అటక మీదే కూర్చుండిపోయాడు.

ఈ బిందె ఎవరిదో ఆయనకు తెలియదు, ఏ ఊరి నుంచి తూకానికి వచ్చిందో కూడా తెలియదు. కానీ కథలోని యాదవ్వ ఎక్కడికి పోయిందో తెలిసింది. నది నడుమ ఇసుక దిబ్బ మీద తనే దిగింది. మిగతా పాయ మోకాలి లోతే. మంచులో నడిచి దాటింది, పట్టగొలుసులు అందుకే మోగాయి. బాలమల్లు ఆమె పుట్టినూరి మనిషి, అన్న వరస. ఆమె కోసమే అబద్ధపు ఒట్టు వేశాడు. అత్తింటి చీర విప్పి కంచె మీద ఆరేసి, వేరే చీర కట్టుకుని, బొగ్గు గనుల వైపు పని వెతుక్కుంటూ పోయింది. బిందెను మాత్రం పడవలోనే అవతలి ఒడ్డుకు పంపించింది, తర్వాత తెచ్చుకోవడానికి. అది పుట్టింటివాళ్లు పెట్టిన బిందె, అత్తింటివాళ్లు దాని మీద తమ పేరు కొట్టించుకున్నారు. ఎనిమిదో భాగంలో ముసలి యాదవ్వ బిందె తోముతూ ఉంటుంది, మెడ దగ్గర ఆగి ఇంకొంచెం రుద్దుతుంది.

శనివారం పొద్దున్నే లస్మవ్వ వచ్చేసరికి ఆయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. వంగి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె బిందె అడిగి తీసుకుని, మెడ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తిప్పింది.

"గిప్పుడు ముడి పడ్డది," అంది. "నడువు పైకి. టీ ఏది?"

ఇక గోడ మీది అట్టలు నిండటానికి ఎక్కువసేపు పట్టలేదు. అయిదులో బాలమల్లు ఒట్టు ఎందుకు వేశాడో తెలుస్తుంది, కానీ అతణ్ని నిలదీయడానికి యాదవ్వ మొగుడు కర్ర పట్టుకుని రేవుకు వస్తుండగా ఆగుతుంది. ఆరులో పట్టగొలుసుల జవాబు. ఏడులో బిందె కోసం యాదవ్వ తిరిగి రావాలా వద్దా అని గని దగ్గర గుడిసెలో నిలబడి, తడికె తలుపు మీద చెయ్యి వేసి ఆగుతుంది. ప్రతిచోటా ముందు వారం ఆగిన చోటు నుంచే, తిప్పలు పెట్టకుండా, మొదటి నిమిషంలోనే ఎత్తుకోవాలని అంజన్న పట్టుబట్టాడు. దశరథం కాగితం మీద "ఆమె తీవ్ర సంఘర్షణకు లోనయింది" అని రాస్తే లస్మవ్వ చదివి, "గీ సంఘర్షణ ఏ బజార్ల అమ్ముతరు?" అని, "కాలు ముందుకు పోతలేదు, ఎనకకు వస్తలేదు" అని చెప్పింది. అదే ఉంచారు.

శనివారం అయిదోది, ఆదివారం ఆరోది, సోమవారం ఏడోది అయ్యాయి. గొంతు నిలిచింది. సోమవారం ఇంకా మార్కెట్ తెరవలేదు.

"అక్కా, ఎనిమిదోది కూడా కానిద్దాం. టైమున్నది," అన్నాడు దశరథం.

లస్మవ్వ చాట పక్కన పెట్టింది. "లేదు."

"అక్కా!"

"ఎనిమిదోది వచ్చినంక చెప్త."

"వచ్చినంక గొంతు మారితే? నా ఏడు భాగాల సరుకు..." అని ఆపుకున్నాడు. చేతులు ఊరికే గాల్లో తిరిగాయి. "చెప్పి పో అక్కా, నీ కాళ్లు మొక్కుత."

"సేటూ, నువ్వు గిరాకిని పోనియ్యవు గదా. మూత తియ్యవు, జర ఆగు అంటవు. నాకు రాత్రిళ్లు భయమైతుంది. గా మత్తు సూదేసినంక లేస్తనో లేదో అని. అన్నీ చెప్పేసి పోతే నాకు తిరిగొచ్చే పనేమున్నది? ఒకటి ఉంచుకొని పోత." ఆమె ఆయన చెవి పట్టుకుని దగ్గరికి లాగింది. ఎనిమిదో భాగం మొత్తం, ఎక్కడ ఎక్కడ ఆగాలో సహా, మెల్లగా చెప్పింది. "ముడి నీ దగ్గరున్నది. పొక్కనిస్తే చూడు."

మూడు గురువారాలు దశరథానికి తినేది ఒంటబట్టలేదు. ఆపరేషన్ బాగా జరిగింది, ప్రాణానికి భయం లేదు అన్నారు. ఆ కబురు వచ్చిన రోజు దుకాణంలో ఎవరో పళ్లెం కొంటుంటే లెక్క తప్పి తిరిగి చిల్లర ఎక్కువ ఇచ్చాడు. అయిదు, ఆరు, ఏడు వెళ్లాయి. "చెప్పు సేటూ, యాదవ్వ తలుపు తీసిందా?" అని దోహా నుంచి, జగిత్యాల నుంచి, పక్క దుకాణం నుంచి అడిగారు. సత్తమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆయన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. పోశవ్వ ఎట్లా తట్టుకుందో అని ఒకటికి పదిసార్లు అనుకున్నాడు.

ఎనిమిదో గురువారం రెండు రోజులుందనగా లస్మవ్వ వచ్చింది. మెడ మీద తువ్వాల అలాగే ఉంది. పైగదికి ఎక్కి తన చోట కూర్చుని, చాట ఒడిలోకి లాక్కుంది. డాక్టరు కొద్దికొద్దిగా మాట్లాడవచ్చన్నాడని, తోడు వచ్చిన ఆమె కొడుకు చెప్పి కిందికి పోయాడు. దారి పొడవునా ఆమె నోరు విప్పలేదట. దశరథం కూడా "ఎట్లున్నవు" అని అడగలేదు. అడిగితే ఆమె చెప్పాలి, చెబితే వినాలి.

అంజన్న హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఎర్ర దీపం వెలిగింది.

"అక్కల్లారా," అంది లస్మవ్వ, "ఆకు తడిపిండ్రా?"

గొంతు కింది నుంచి వచ్చింది, అంచుల వెంట చిరిగినట్టు, మధ్యలో గాలి పోతూ. చీరలు కుక్కకపోయినా ఈ గొంతుకు కంచు పళ్లాలు జుయ్యిమనేవి కావు. అంజన్న ముఖం మారింది. ఏడు భాగాల గొంతు అతని చెవుల్లో ఉంది, అది ఇది కాదు. ఆపమని చెయ్యి ఎత్తాడు.

దశరథం లస్మవ్వను చూశాడు. ఆమె అంజన్న చెయ్యి చూసింది, అయినా కెమెరా వైపే తిరిగి, గుడిసె తలుపు మీద చెయ్యి వేసిన యాదవ్వ దగ్గర, ఆయన చెవిలో సరిగ్గా ఎక్కడ ఆగిందో అక్కడ ఆగింది. అంతే సేపు. ఊపిరి కూడా అక్కడే తీసుకుంది. ఆయన వంగి అంజన్న చేతిని పట్టుకుని మోకాలి మీదకు దించి, అక్కడే అదిమి పట్టుకున్నాడు.

"యాదవ్వ తలుపు తీసింది," అంది లస్మవ్వ, కొత్త గొంతుతో.